తెగిన తీగ దగ్గర ఎదురుపడే రెండు కరెంట్లు

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 22 వేల వోల్టుల లైన్లకు ఒక నిబంధన ఉంది. ఒక తీగ తెగి నేలను తాకిందనుకుందాం. ఆ తీగకీ భూమికీ మధ్య 400 ఓమ్‌ల నిరోధం ఉంటే, 85 మిల్లీసెకన్లలోగా దాని వోల్టేజీ 1,900కి, అర సెకనులోగా 750కి, రెండు సెకన్లలోగా 250కి దిగిపోవాలి. ఎంపిక చేసిన 45 సబ్‌స్టేషన్లు ఈ పరీక్షలో నెగ్గి తీరాలని 2016లో ప్రభుత్వం నియమాలు తెచ్చింది. ఇందులో ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. ఈ రెండు సెకన్లలో బ్రేకర్ తెరుచుకోనవసరం లేదు. మిగతా రెండు ఫేజుల్లో కరెంటు పారుతూనే ఉంటుంది, ఊళ్లలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. నేల మీద పడిన తీగ ఒక్కటే చల్లబడుతుంది.

ఈ నియమాల వెనుక పెద్ద విషాదం ఉంది. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా అడవుల్లో చెలరేగిన మంటలకు 173 మంది చనిపోయారు. ఆ రోజు రాజుకున్న పదకొండు పెద్ద మంటల్లో అయిదింటికి కరెంటు లైన్ల వైఫల్యమే కారణమని విచారణ కమిషన్ తేల్చింది. ఆ తర్వాత ఇంజనీర్లు వెతికి పట్టుకున్న పరిష్కారానికి మూలం మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కీ భూమికీ మధ్య పెట్టే ఒక ఇనుప కోర్ కాయిల్ అది. దాన్ని ఆర్క్ సప్రెషన్ కాయిల్ అంటారు. కనిపెట్టిన మనిషి పేరు మీద పీటర్సన్ కాయిల్ అని కూడా పిలుస్తారు.

అది చేసే పని తెలియాలంటే, ముందు అది లేని నెట్‌వర్క్‌ని చూడాలి.

ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ని భూమికి కలపకుండా వదిలేశారనుకుందాం. మూడు ఫేజుల్లో ఒకటి నేలను తాకితే ఏమవుతుంది? కరెంటు పారాలంటే వలయం పూర్తవ్వాలి. న్యూట్రల్‌కి భూమితో సంబంధం లేదు కాబట్టి తిరిగి వెళ్లే దారి లేదు, అంటే కరెంటు పారకూడదు. పైపైన చూస్తే అంతే అనిపిస్తుంది. కానీ దారి ఉంది. గాలిలో వేలాడే ప్రతి తీగా, మట్టిలో పరుచుకున్న ప్రతి కేబులూ భూమితో కలిసి ఒక కెపాసిటర్‌లా పనిచేస్తుంది. ఒక పక్క లోహం, ఇంకో పక్క భూమి, మధ్యలో గాలో ఇన్సులేషనో ఉంటాయి. ఓవర్‌హెడ్ లైనులో ఇది చాలా స్వల్పం, కిలోమీటరుకు సుమారు 0.005 మైక్రోఫారడ్. కేబుల్లో లోహం, తొడుగు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి అది దాదాపు యాభై రెట్లు, అంటే 0.25 మైక్రోఫారడ్ దాకా ఉంటుంది.

ఒక మామూలు సబ్‌స్టేషన్‌ని ఊహించుకుని లెక్క వేద్దాం. దాని 22 కె.వి. ఫీడర్లన్నీ కలిపి 300 కిలోమీటర్ల ఓవర్‌హెడ్ లైను, 30 కిలోమీటర్ల కేబులు. ఒక్కో ఫేజుకి భూమితో ఉన్న కెపాసిటెన్స్ 9 మైక్రోఫారడ్‌లు అవుతుంది. అందులో ఏడున్నర ఆ కొద్దిపాటి కేబులుదే. ఇప్పుడు ఒక ఫేజు పూర్తిగా భూమికి తగిలింది. దాని వోల్టేజీ సున్నా అయింది. మిగిలిన రెండు ఫేజులకీ భూమికీ మధ్య మామూలుగా 12.7 కె.వి. ఉండేది కాస్తా 22 కె.వి.కి పెరిగింది. ఆ పెరిగిన వోల్టేజీకి ఒక్కో మంచి ఫేజు నుంచీ 62 ఆంపియర్లు కెపాసిటెన్స్ గుండా భూమిలోకి దిగుతాయి. రెండింటి దశల మధ్య తేడా ఉండడంతో అవి 124 కాకుండా 108 ఆంపియర్లుగా కలుస్తాయి. నెట్‌వర్క్‌లో ఏ మూల భూమిలోకి దిగినా, ఆ కరెంటు మొత్తం తిరిగి వెళ్లడానికి ఉన్న చోటు ఒక్కటే. అది తీగ నేలను తాకిన చోటు.

న్యూట్రల్‌ని భూమికి కలపకపోయినా 108 ఆంపియర్లు పారుతున్నాయి. గాలిలో ఆర్క్ వెలగడానికి ఇంత అక్కర్లేదు. సోవియట్ కాలం నుంచి వస్తున్న రష్యన్ విద్యుత్ నియమాలు 35 కె.వి. లైన్లలో 10 ఆంపియర్లు దాటితేనే కాయిల్ పెట్టమంటాయి.

ఇక కాయిల్ సంగతి. న్యూట్రల్‌కీ భూమికీ మధ్య కాయిల్ పెట్టాం. ఒక ఫేజు భూమికి తగలగానే న్యూట్రల్ వోల్టేజీ 12.7 కె.వి.కి లేస్తుంది. ఆ వోల్టేజీ కాయిల్ గుండా కరెంటును తోస్తుంది. ఆ కరెంటు భూమిలోంచి తీగ పడిన చోటికి వచ్చి, పాడైన ఫేజు తీగ వెంట ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరి, న్యూట్రల్ దాకా వచ్చి వలయం పూర్తి చేసుకుంటుంది. కెపాసిటర్ కరెంటు వోల్టేజీ కన్నా పావు చక్రం ముందు నడుస్తుంది, కాయిల్ కరెంటు పావు చక్రం వెనక నడుస్తుంది. ఒకటి ముందు, ఒకటి వెనక కాబట్టి రెండింటి మధ్య తేడా సరిగ్గా అరచక్రం. ఒకటి పైకి పోయే క్షణంలో రెండోది అంతే బలంతో కిందికి పోతుంది. కాయిల్ కూడా 108 ఆంపియర్లే తీసుకునేలా దాన్ని సర్దితే, తీగ పడిన చోట రెండూ ఎదురుపడి రద్దయిపోతాయి.

ఇక్కడ చాలామంది తప్పుగా అర్థం చేసుకునే విషయం ఒకటి ఉంది. కాయిల్ కరెంటును అడ్డుకుంటోందని అనుకుంటారు. అది అడ్డుకోవడం లేదు. కెపాసిటెన్స్ గుండా 108 ఆంపియర్లు పారుతూనే ఉంటాయి, కాయిల్ గుండా మరో 108 పారుతూనే ఉంటాయి. సబ్‌స్టేషన్‌లో కాయిల్ దగ్గర మీటరు పెడితే ఆ అంకె కనిపిస్తుంది. రద్దయ్యేది ఒక్క చోటే, తీగకీ నేలకీ మధ్య. తీగ ఎక్కడ తెగుతుందో కాయిల్‌కి తెలియనక్కర్లేదు. తొలి స్తంభం దగ్గర తెగినా, అరవయ్యో కిలోమీటరు దగ్గర తెగినా ఎదురు కరెంటు అక్కడికే వెతుక్కుంటూ వెళుతుంది. ఎందుకంటే వలయం పూర్తయ్యే చోటు అదొక్కటే.

కావలసిన కాయిల్ ఎంతటిదో తేల్చడం తేలికే. 12,700 వోల్టులకు 108 ఆంపియర్లంటే 118 ఓమ్‌లు, అంటే 0.375 హెన్రీలు. సూత్రంగా రాస్తే ఇంతే:

L = 1 / (3ω²C)

ఇందులో C ఒక్కో ఫేజుకి భూమితో ఉన్న కెపాసిటెన్స్. ω అంటే 50 హెర్ట్జ్ సరఫరాకు 314.

రద్దు పూర్తిగా జరగదు. కాయిల్ చుట్లలో, కోర్‌లో కొంత శక్తి వేడిగా పోతుంది. ఇన్సులేటర్ల మీద దుమ్ము, తేమ గుండా కొంత కరెంటు కారుతుంది. ఆ కరెంటు వోల్టేజీతో పాటే నడుస్తుంది కాబట్టి దాన్ని కాయిల్ రద్దు చేయలేదు. మన ఉదాహరణలో దాన్ని మూడు శాతం అనుకుంటే సుమారు 3 ఆంపియర్లు మిగులుతాయి. ఇవికాక సరఫరాలో కలిసి వచ్చే హార్మోనిక్‌లు కూడా కాస్త మిగులుతాయి. 250 హెర్ట్జ్‌లో ఉండే అయిదో హార్మోనిక్‌కి ఈ కాయిల్ దాదాపు లేనట్టే, దాన్ని సర్దింది 50 హెర్ట్జ్‌కి కదా.

అయినా 108 ఎక్కడ, 3 ఎక్కడ? ఇన్సులేటర్ మీద మెరుపు దెబ్బకు పుట్టిన ఆర్క్ ఇంత చిన్న కరెంటుతో నిలబడలేదు. దానంతటదే ఆరిపోతుంది. అయితే కరెంటు తగ్గడం ఇందుకు సగం కారణం మాత్రమే. మిగతా సగం ఇంకా ముచ్చటైనది.

ఏ ఆర్క్ అయినా కరెంటు సున్నా దాటే ప్రతిసారీ ఒక క్షణం ఆరుతుంది. మళ్లీ వెలుగుతుందా లేదా అన్నది ఆ చోట వోల్టేజీ ఎంత వేగంగా తిరిగి లేస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. కాయిల్ లేని నెట్‌వర్క్‌లో కెపాసిటివ్ కరెంటు సున్నా అయ్యేసరికి వోల్టేజీ శిఖరం మీద ఉంటుంది. న్యూట్రల్ మీద చిక్కిన చార్జీకి పోయే దారి లేదు. అర చక్రం తిరిగేసరికి, అంటే 10 మిల్లీసెకన్లలో, పాడైన ఫేజు మీద మామూలు శిఖరానికి దాదాపు రెట్టింపు వోల్టేజీ వచ్చిపడుతుంది. ఇంకా వేడి తగ్గని గాలి దాన్ని తట్టుకోలేక ఆర్క్ మళ్లీ అంటుకుంటుంది. ఇలా ఆరుతూ వెలుగుతూ ఉండగా మంచి ఫేజుల మీద వోల్టేజీ మామూలు కన్నా మూడు రెట్లు పైగా లేచి, ఎక్కడో దూరాన బలహీనంగా ఉన్న కేబుల్ జాయింటు పేలిపోతుంది. జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ వాల్డెమార్ పీటర్సన్ ఈ ఆరి వెలిగే ఆర్క్ మీదే పరిశోధన చేశారు. కాయిల్ ఆలోచన ఆ పనిలోంచే పుట్టింది. 1917 నాటికి రెండూ లోకానికి తెలిశాయి.

కాయిల్ ఉంటే కథ మారిపోతుంది. ఆర్క్ ఆరిన తర్వాత కాయిలూ కెపాసిటెన్సూ కలిసి తమలో తాము ఊగుతూనే ఉంటాయి, అదీ దాదాపు 50 హెర్ట్జ్ వేగంతోనే. పాడైన ఫేజు మీద కనిపించేది సరఫరా వోల్టేజీకీ ఈ ఊగుడుకీ ఉన్న తేడా మాత్రమే. ఒకే ఊపుతో కలిసి కదిలే రెండు ఉయ్యాలల్లో ఒకదాన్ని తోయడం మానేస్తే, రెండింటి మధ్య ఎడం ఒక్కసారిగా రాదు. ఊపు ఊపుకీ కొద్దికొద్దిగా పెరుగుతుంది. అలాగే ఇక్కడ వోల్టేజీ తిరిగి నిలదొక్కుకోవడానికి ఎన్నో చక్రాలు పడుతుంది. ఈలోగా గాలి చల్లబడి మళ్లీ ఇన్సులేటర్‌గా మారుతుంది. వినియోగదారుకు దీపం మిణుకుమనడం కూడా తెలియదు, ఎందుకంటే ఫేజుల మధ్య వోల్టేజీ ఏ క్షణంలోనూ మారలేదు.

ఇప్పుడు విక్టోరియా నియమంలోని 400 ఓమ్‌ల తీగని మన సబ్‌స్టేషన్ లెక్కలో పెట్టి చూద్దాం. కాయిల్ లేకపోతే తీగ మీద 12 వేల వోల్టులకు పైగా ఉంటాయి. 30 ఆంపియర్లు పారతాయి. నేలలో పుట్టే వేడి దాదాపు 370 కిలోవాట్లు. కాయిల్ పెట్టి సరిగ్గా సర్దితే తీగ మీద 1,160 వోల్టులు, 2.9 ఆంపియర్లు, 3.4 కిలోవాట్లు. వేడి నూరో వంతుకి పడిపోయింది. నియమంలోని మొదటి మెట్టు 1,900 వోల్టులని గుర్తుంది కదా. కాయిల్ ఒక్కటే దాన్ని దాటించగలదు. రెండో, మూడో మెట్లకు మాత్రం కాయిల్ చాలదు. మిగిలిన ఆ 3 ఆంపియర్లకు కూడా ఎదురు కరెంటు కావాలి. అందుకని విక్టోరియాలో కాయిల్‌కి తోడుగా స్వీడన్‌లో తయారైన ఎలక్ట్రానిక్ ఇన్వర్టరును పెట్టారు. అది మిగులు కరెంటును కొలిచి, సరిగ్గా దానికి వ్యతిరేకమైనదాన్ని న్యూట్రల్‌లోకి పంపుతుంది. తీగ మీద 250 వోల్టులు మిగిలితే వేడి 156 వాట్లే. ఎండుగడ్డి అంటుకోవడం అప్పుడు చాలా కష్టం.

అదే నియమాల్లో ఇంకో గట్టి షరతు ఉంది. తీగకీ నేలకీ మధ్య 25,400 ఓమ్‌లు ఉన్నా, అంటే పారే కరెంటు అర ఆంపియరే అయినా, కనిపెట్టాలి. వందల ఆంపియర్ల లోడు మోస్తున్న ఫీడర్లలో అర ఆంపియర్ ఎలా తెలుస్తుంది? కాయిల్ లేని నెట్‌వర్క్‌లో ఈ లోపానికి న్యూట్రల్ కదిలేది 60 వోల్టుల లోపే. కాయిల్ సర్ది ఉన్న నెట్‌వర్క్‌లో అదే లోపానికి న్యూట్రల్ 1,700 వోల్టులు లేస్తుంది. మంటను ఆర్పే కాయిలే, లోపాన్ని పెద్దది చేసి చూపించే భూతద్దం కూడా.

కానీ ఆ భూతద్దం లోపం లేని చిన్న చిన్న తేడాలను కూడా పెద్దవి చేస్తుంది. పల్లెల్లో చాలాచోట్ల మూడు తీగల లైను నుంచి రెండు తీగల కొమ్మలు చీలి వెళతాయి. మూడో ఫేజుకి ఆ మేరకు కెపాసిటెన్స్ తక్కువ. ఈ అసమానత వెయ్యింట రెండు వంతులే ఉన్నా, పూర్తిగా సర్దిన కాయిల్ దగ్గర న్యూట్రల్ మీద ఏ లోపమూ లేకుండానే 850 వోల్టులు నిలిచి ఉంటాయి. 1,700ని గుర్తించాల్సిన చోట ఇది పెద్ద గందరగోళం. అందుకే విక్టోరియాలో కాయిల్ బిగించడం కన్నా, కొమ్మ లైన్లను ఫేజుల మధ్య సమంగా పంచడం, చిన్న చిన్న కెపాసిటర్లు పెట్టి మూడు ఫేజులనూ తూకం వేయడం పెద్ద పనిగా మారింది.

కాయిల్‌ని ఒకసారి సర్ది వదిలేస్తే సరిపోదు. ఒక కేబుల్ ఫీడర్‌ని ఆపితే C మారిపోతుంది. అందుకే ఆధునిక కాయిల్ కోర్‌లో ఒక భాగాన్ని మోటారు ముందుకూ వెనక్కూ జరుపుతుంది. గాలి ఖాళీ పెరిగితే హెన్రీలు తగ్గి కరెంటు పెరుగుతుంది. కంట్రోలర్ న్యూట్రల్ మీద ఉన్న ఆ కొద్దిపాటి వోల్టేజీనే గమనిస్తూ, కోర్‌ని కదుపుతూ, అది ఎక్కడ శిఖరానికి చేరుతుందో చూస్తుంది. సరైన చోటు అదే. ఐరోపాలో చాలా సంస్థలు అక్కడ ఆగకుండా కాయిల్ కరెంటును కొంచెం ఎక్కువ వైపే ఉంచుతాయి. దానికి కారణం ఉంది. కాయిల్ తక్కువ వైపు ఉండగా అనుకోకుండా ఒక ఫీడర్ పోతే, కెపాసిటెన్స్ తగ్గి నెట్‌వర్క్ తనంతట తానే శిఖరం మీదికి వచ్చేస్తుంది. ఎక్కువ వైపు ఉంటే శిఖరానికి ఇంకా దూరంగా జరుగుతుంది.

ఇంత మేలు చేసే కాయిల్ మామూలు రిలేలను గుడ్డివాటిని చేస్తుంది. లోపం ఉన్న ఫీడర్లో కూడా కరెంటు పెద్దగా పెరగదు, కాబట్టి ఓవర్‌కరెంట్ రిలే కదలదు. అందుకని ఫీడర్లలో రద్దు కాని ఆ 3 ఆంపియర్లనే పట్టుకునే రిలేలు వాడతారు. ఆ కరెంటు న్యూట్రల్ వోల్టేజీతో కలిసి వాట్లు ఇస్తుంది. ఏ ఫీడర్లో ఆ వాట్లు బయటికి పోతున్నాయో లోపం అక్కడే. ఆ వాట్లు మరీ తక్కువైతే, కొద్ది సెకన్లపాటు కాయిల్‌కి పక్కనే ఒక రెసిస్టర్ కలిపి వాటిని కావాలనే పెంచుతారు. లోపం పుట్టిన మొదటి మిల్లీసెకన్ల కుదుపును చూసి ఫీడర్‌ని గుర్తించే రిలేలూ ఉన్నాయి.

ఇక మంచి ఫేజుల మాట. లోపం ఉన్నంతసేపూ వాటి మీద 12.7 బదులు 22 కె.వి. ఉంటుంది. జర్మనీలో ఇలా గంటలతరబడి నడపడం ఆనవాయితీగా ఉండేది, అక్కడి పరికరాలన్నీ అందుకు తగ్గట్టే తయారవుతాయి. విక్టోరియా నెట్‌వర్క్ అలా కట్టింది కాదు. కాయిల్ పెట్టే ముందు అక్కడ సర్జ్ అరెస్టర్లు మార్చాల్సి వచ్చింది. 22 కె.వి.లోనే కరెంటు తీసుకునే కర్మాగారాలు తమ పరికరాలను బలపరచుకోవడమో, మధ్యలో ఐసోలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవడమో చేయాల్సి వచ్చింది. ఇవి చేయకపోతే మొదటి లోపాన్ని కాయిల్ ఆర్పుతుండగానే వేరే ఫేజులో, వేరే ఊళ్లో రెండో లోపం పుడుతుంది. అప్పుడు రెండు ఫేజుల మధ్య భూమి గుండా వేల ఆంపియర్లు పారతాయి. వాటిని ఏ కాయిలూ రద్దు చేయలేదు.

తెలుగు రాష్ట్రాల్లో 33/11 కె.వి. సబ్‌స్టేషన్లలో 11 కె.వి. న్యూట్రల్‌ని నేరుగా భూమికి కలుపుతారు. దీనిలో మేలు ఏమిటంటే, ఫేజు గట్టిగా భూమికి తగిలితే వందల, వేల ఆంపియర్లు పారి రిలే వెంటనే పనిచేస్తుంది. చిక్కు ఎక్కడంటే ఎండిన చేలో, రాతి నేల మీద తెగిన తీగ పడినప్పుడు. నిరోధం 1,000 ఓమ్‌లుంటే పారేది ఆరున్నర ఆంపియర్లలోపే. ఎర్త్ ఫాల్ట్ రిలేని 20 ఆంపియర్లకు పెట్టి ఉంటే అది కదలదు. తీగ 6,000 వోల్టులకు పైగా మోస్తూ అక్కడే పడి ఉంటుంది. పొద్దున్నే చేనుకి వెళ్లే రైతుకి ఆ తీగ బతికి ఉందో లేదో చూపుతో తెలియదు.

అలాగని కాయిల్ తెచ్చి బిగిస్తే సరిపోదు. ఫేజుకీ భూమికీ మధ్య కలిపే 6.35 కె.వి. సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న ఫీడర్లో ఇది అసలు పనిచేయదు. వాటి లోడు కరెంటు భూమి గుండానే తిరిగి వస్తుంది కాబట్టి, ప్రతి ఇంటి ఫ్యానూ కాయిల్‌కి లోపంలాగే కనిపిస్తుంది. వాటన్నిటినీ ముందు రెండు ఫేజుల మధ్యకు మార్చాలి. ఫీడర్ల ఇన్సులేటర్లూ, కేబుల్ జాయింట్లూ, అరెస్టర్లూ 6.35 బదులు 11 కె.వి.ని భూమికి ఎదురుగా గంటసేపైనా తట్టుకోగలవో లేదో పరీక్షించాలి. ప్రతి ఫీడర్‌కీ ఆ మూడు ఆంపియర్లను పట్టుకోగల కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, రిలే కావాలి. ఈ మూడు పనులూ పూర్తయిన సబ్‌స్టేషన్‌లోనే కాయిల్‌కి చోటు వెతకడం మొదలుపెట్టాలి.